ప్రోటోకాల్ నుంచి పరిశోధన పత్రానికి: అధ్యయనం ముగిశాక ఉపోద్ఘాతాన్ని, పద్ధతులను తిరగరాయడం ఎలా

అధ్యయనం ముగిసి ఫలితాల పట్టికలు చేతికి రాగానే చాలామంది ప్రోటోకాల్ ఫైలును తెరిచి, దానికి కొత్త పేరు పెట్టి, భవిష్యత్ కాలంలో ఉన్న క్రియలన్నింటినీ భూతకాలంలోకి మారుస్తారు. ఒక పూటలో రెండు విభాగాలు సిద్ధమైనట్టే కనిపిస్తాయి. కానీ ఆ పూటలోనే, జరగని పనులను జరిగినట్టుగా రాసిన వాక్యాలు పత్రంలోకి చేరిపోతాయి. ప్రోటోకాల్‌లోని ప్రతి వాక్యం ఎథిక్స్ కమిటీకి ఇచ్చిన హామీ అయితే, పద్ధతుల విభాగంలోని ప్రతి వాక్యం వాంగ్మూలం. అందువల్ల కాలం మార్చే ముందు, ఆ వాక్యం నిజంగా జరిగిందో లేదో రికార్డులతో సరిచూడాలి. ఈ వ్యాసంలో చెప్పే క్రమమంతా ఆ సరిచూడడం చుట్టూనే తిరుగుతుంది.

రెండు సమూహాల రాండమైజ్డ్ ట్రయల్‌ను దృష్టిలో పెట్టుకొని రాస్తున్నాను. పరిశీలనాత్మక అధ్యయనాలకు కూడా ఇదే వరుస పనికొస్తుంది. రిపోర్టింగ్ చెక్‌లిస్టు మాత్రం కన్సార్ట్ బదులు స్ట్రోబ్ అవుతుంది.

వివరణ కోసం ఒక ఊహాత్మక ట్రయల్‌ను చివరిదాకా వెంట తీసుకువెళ్దాం. అధిక రక్తపోటుకు మందులు వాడుతున్న పెద్దవారిలో ఒక సమూహానికి మామూలు సంరక్షణ అందింది. రెండో సమూహానికి దానితోపాటు వారానికొకసారి ఫోన్ సందేశం పంపారు. ఆరు నెలల తరువాత రక్తపోటు 140/90 కంటే తక్కువగా ఉన్నవారి నిష్పత్తి ప్రధాన ఔట్‌కమ్. అధ్యయనం రెండు క్లినిక్‌లలో జరిగింది.

## 1. రాయడానికి ముందు దగ్గర పెట్టుకోవలసినవి

మొదటి పొరపాటు తప్పుడు వెర్షన్‌ను తెరవడంతోనే మొదలవుతుంది. కంప్యూటర్‌లో ఉన్న ప్రోటోకాల్ తరచుగా గ్రాంటు కోసం పంపిన మొదటి ప్రతి అయి ఉంటుంది, ఎథిక్స్ కమిటీ ఆమోదించిన చివరి ప్రతి కాదు. వెర్షన్ సంఖ్యను, తేదీని ఆమోద పత్రంలోని సంఖ్యతో, తేదీతో పోల్చి, రెండూ కలిస్తేనే ముందుకు వెళ్లాలి.

దగ్గర ఉంచుకోవలసిన పత్రాలు ఇవి:

- ఆమోదం పొందిన మొదటి ప్రోటోకాల్, చివరి ప్రోటోకాల్ (రెండూ కావాలి, ఒకటి చాలదు)
- సవరణలన్నీ, ఒక్కొక్కదానికి ఆమోదం వచ్చిన తేదీతో
- ట్రయల్ రిజిస్ట్రీలోని నమోదు, అందులో తరువాత చేసిన మార్పుల చరిత్రతో సహా
- గణాంక విశ్లేషణ ప్రణాళిక, దానిని ఖరారు చేసిన తేదీ
- ఉల్లంఘనల రిజిస్టరు, అంటే ప్రోటోకాల్‌కు భిన్నంగా జరిగిన సంఘటనలు రాసుకున్న పుస్తకం
- క్షేత్రంలో నిజంగా వాడిన ఫారాలు, సిబ్బందికి ఇచ్చిన పని సూచనలు
- రాండమైజేషన్ జాబితాను తయారుచేసిన వ్యక్తి దగ్గరి వివరాలు
- విశ్లేషణకు వాడిన కోడ్, సాఫ్ట్‌వేర్ వెర్షన్

ఉల్లంఘనల రిజిస్టరు సరిగా నిర్వహించలేదని తేలితే, డేటా సేకరించినవారితో గంటసేపు కూర్చోండి. వారి చేతిలో ఖాళీ ఫారం పెట్టి, మొదటి గడి నుంచి చివరి గడి దాకా ఎలా నింపేవారో చెప్పించుకోండి. "ప్రోటోకాల్ ప్రకారమే చేశారా?" అని అడిగితే అవుననే సమాధానమే వస్తుంది. "ఈ గడి ఎలా నింపేవారు?" అని అడిగితే అసలు సంగతి బయటపడుతుంది.

## 2. ప్రోటోకాల్‌కు, వాస్తవానికి మధ్య పోలిక పట్టిక

ఇది పత్రంలో అచ్చయ్యేది కాదు, రచయితలు తమ కోసం తయారుచేసుకునేది. ప్రోటోకాల్‌లోని పద్ధతుల భాగాన్ని వాక్యం వాక్యంగా విడగొట్టి, ప్రతి వాక్యానికి మూడు ప్రశ్నలు వేయాలి. ఇది ఇలాగే జరిగిందా? జరిగిందనడానికి ఆధారం ఏ పత్రంలో ఉంది? ఇది పత్రంలో ఎక్కడికి వెళ్తుంది?

మన ఊహాత్మక ట్రయల్‌లో కొన్ని వరుసలు ఇలా ఉంటాయి:

| ప్రోటోకాల్‌లో ఉన్నది | జరిగినది | ఆధారం | వెళ్లవలసిన చోటు |
|---|---|---|---|
| వయసు 30–65 | నాలుగో నెల నుంచి 30–70 | ఆమోదం పొందిన సవరణ | పద్ధతులు, కారణంతో |
| రక్తపోటు మూడుసార్లు కొలిచి చివరి రెండింటి సగటు | ఒక క్లినిక్‌లో మొదటి మూడు వారాలు రెండుసార్లే కొలిచారు, 21 మంది | ఉల్లంఘనల రిజిస్టరు | నియమం పద్ధతుల్లో, 21 మంది సంఖ్య ఫలితాల్లో |
| మాత్రల లెక్క ద్వితీయ ఔట్‌కమ్ | చాలామంది ఖాళీ స్ట్రిప్పులు తీసుకురాలేదు, మూడో నెలలో ఆపేశారు | సమావేశపు మినిట్స్, సవరణ | పద్ధతులు, కారణంతో |
| ఎస్‌పీఎస్‌ఎస్ లేదా ఆర్ | ఆర్ మాత్రమే | కోడ్ ఫైలు | పద్ధతులు, వెర్షన్‌తో |
| అధ్యయన కాలపట్టిక, బడ్జెట్ | – | – | ఎక్కడికీ వెళ్లదు |

రెండో నిలువు వరుసలో "అలాగే జరిగింది" అని రాసి, మూడో నిలువు వరుసను ఖాళీగా వదిలేసిన చోట్ల ఆగి చూడాలి. నాకు ఈ పాఠం ఒక రివ్యూయర్ నేర్పాడు. ప్రోటోకాల్ నుంచి ఎత్తిరాసిన "మూడుసార్లు కొలిచాము" అనే వాక్యం పద్ధతుల్లో అలాగే ఉండిపోయింది. మా మొదటి పట్టిక అడుగున ఉన్న గమనిక మాత్రం "రెండు కొలతల సగటు" అంటోంది. ఏది నిజమో చెప్పమని ఆయన ఒక్క వాక్యంలో అడిగాడు. దానికి జవాబు వెతకడానికి మాకు పదకొండు రోజులు పట్టింది, ఎందుకంటే కొలతలు తీసిన ఇద్దరూ అప్పటికే వేరే పనుల్లో చేరిపోయారు.

## 3. పద్ధతుల విభాగాన్ని ముందు రాయండి

పత్రంలో ఉపోద్ఘాతం ముందు వచ్చినా, రాసేటప్పుడు పద్ధతులే ముందు రాయడం మంచిది. అసలు ఏం చేశారో తేలిన తరువాతే, ఏ ప్రశ్నకు సమాధానం వెతికారో ఉపోద్ఘాతంలో కచ్చితంగా రాయగలుగుతారు.

### 3.1 భవిష్యత్ కాలాన్ని వెతికి పట్టుకోవడం

పత్రం ఆంగ్లంలో రాస్తున్నట్టయితే `will`, `shall`, `planned`, `if necessary`, `approximately`, `and/or` అనే మాటలను ఒక్కొక్కటిగా ఫైలులో వెతకండి. అన్నింటినీ ఒకేసారి మార్చే ఆదేశాన్ని మాత్రం వాడవద్దు. దొరికిన ప్రతి చోటా ఆగి, పోలిక పట్టికలోని వరుసను చూసి, అప్పుడు మార్చండి.

తెలుగులో రాసేవారికి మరో చిక్కు ఉంది. "సేకరిస్తాము" అనే రూపం అలవాటునూ చెబుతుంది, భవిష్యత్తునూ చెబుతుంది. కాబట్టి చదివేటప్పుడు అది తప్పుగా కంటికి తగలదు. పద్ధతుల్లో "సేకరించాము" తప్ప మరో రూపం ఉండకూడదని నియమం పెట్టుకుంటేనే అలాంటివి బయటపడతాయి.

వెతికిన మాటల్లో క్రియల కంటే "అవసరమైతే", "లేదా", "సుమారు" అనేవే ఎక్కువ ప్రమాదకరం. ప్రోటోకాల్‌కు ఆ వెసులుబాటు అవసరం, కానీ పని పూర్తయిన తరువాత దానికి చోటు లేదు.

ప్రోటోకాల్‌లో: అవసరమైతే హాజరుకాని వారికి ఫోన్ చేసి, సుమారు ఆరు నెలలకు రక్తపోటును కొలుస్తాము.

కాలం మాత్రమే మార్చినది (తప్పు): అవసరమైతే హాజరుకాని వారికి ఫోన్ చేసి, సుమారు ఆరు నెలలకు రక్తపోటును కొలిచాము.

తిరగరాసినది: రాండమైజేషన్ జరిగిన 26 వారాలకు, రెండు వారాలు అటూ ఇటూగా, రక్తపోటును క్లినిక్‌లో కొలిచాము. నిర్ణీత రోజున రానివారికి వారంలోపు గరిష్ఠంగా మూడుసార్లు ఫోన్ చేశాము. ఆ గడువు దాటాక వచ్చినవారి కొలతను ప్రధాన విశ్లేషణలో చేర్చలేదు.

మూడో రూపం పెద్దదే. కానీ మరొక బృందం ఆ పనిని మళ్లీ చేయాలంటే ఆ మూడు వాక్యాలూ కావాలి.

### 3.2 తీసేయవలసినవి, చేర్చవలసినవి

బడ్జెట్, కాలపట్టిక, పరిశోధకుల అర్హతలు, సిబ్బంది శిక్షణ ప్రణాళిక, ఫారాలు భద్రపరిచే గడువు వంటివి పత్రంలోకి రావు. పద్ధతి ఎందుకు ఎంచుకున్నారో సమర్థించే పేరాలను ఒక్క వాక్యానికి కుదించవచ్చు, లేదా చర్చా విభాగానికి పంపవచ్చు.

చేర్చవలసినవాటినే ఎక్కువమంది మరిచిపోతారు, ఎందుకంటే అవి ప్రోటోకాల్‌లో ఎక్కడా ఉండవు. రక్తపోటు యంత్రం తయారీ సంస్థ, మోడల్, కొలిచే ముందు ఎన్ని నిమిషాలు కూర్చోబెట్టారు, ఏ చేతికి కొలిచారు, సందేశాలు ఏ రోజున ఏ సమయానికి వెళ్లాయి, వాటి మాటలు ఎవరు రాశారు అనేవన్నీ పని సూచనల్లోనో, సిబ్బంది జ్ఞాపకాల్లోనో ఉంటాయి. సందేశాల పూర్తి పాఠాన్ని అనుబంధంలో ఇవ్వండి. పోల్చిన సమూహానికి అందిన "మామూలు సంరక్షణ" ఏమిటో కూడా అంతే వివరంగా రాయాలి. నెలకొకసారి వైద్యుడిని కలవడమా, మూడు నెలలకు ఒకసారా అన్నది తెలియకపోతే, తేడా దేనివల్ల వచ్చిందో చదివేవారు నిర్ణయించలేరు.

## 4. రాండమైజేషన్: ప్రోటోకాల్‌లో కావాలనే దాచిన వివరం

ఈ చిన్న భాగంలోనే ప్రోటోకాల్‌ను ఎత్తిరాసినవారు ఎక్కువగా దొరికిపోతారు. బ్లాకుల పరిమాణం ముందే తెలిస్తే, క్లినిక్‌లో వ్యక్తులను చేర్చుకునేవారు తదుపరి కేటాయింపును ఊహించగలుగుతారు. ఉదాహరణకు ప్రతి బ్లాకులో నలుగురే అని తెలిసి, మొదటి ముగ్గురిలో ఇద్దరు సందేశాల సమూహానికి, ఒకరు మామూలు సంరక్షణకు వెళ్లారనుకోండి. నాలుగో వ్యక్తి ఎటు వెళ్తారో వారికి తెలిసిపోయినట్టే. అందుకే జాగ్రత్తగా రాసిన ప్రోటోకాల్ బ్లాకు పరిమాణాన్ని చెప్పదు. ఆ వివరం వేరే పత్రంలో, గణాంక నిపుణుడి దగ్గర ఉంటుంది.

ట్రయల్ ముగిశాక దాచవలసిన అవసరం లేదు, ఇప్పుడు చెప్పి తీరాలి. ప్రోటోకాల్‌ను మాత్రమే ముందు పెట్టుకొని రాసినవారి పత్రంలో "బ్లాక్ రాండమైజేషన్ వాడాము" అనే ఒక్క వాక్యం మిగులుతుంది. రాయవలసినవి నాలుగు సంగతులు: వరుసను ఎలా తయారుచేశారు, బ్లాకుల పరిమాణం ఎంత, చేర్చుకునేవారికి తెలియకుండా వరుసను ఎలా దాచారు, ఎవరు ఏ పని చేశారు.

తిరగరాసినది: అధ్యయనంలో మరే పాత్రా లేని గణాంక నిపుణుడు కంప్యూటర్ ద్వారా 1:1 నిష్పత్తిలో, క్లినిక్‌ను బట్టి విడగొట్టి, 4, 6 పరిమాణాలున్న బ్లాకులను యాదృచ్ఛిక క్రమంలో వాడి వరుసను తయారుచేశాడు. కేటాయింపులను వరుస సంఖ్యలు వేసిన, వెలుతురుకు పట్టినా లోపలిది కనిపించని, అతికించిన కవర్లలో ఉంచాము. సమ్మతి తీసుకొని, మొదటి కొలతలు పూర్తిచేసిన తరువాతే నర్సు తదుపరి కవరును తెరిచింది.

వరుసను దాచడం వేరు, బ్లైండింగ్ వేరు. మొదటిది కేటాయింపు జరిగే క్షణం దాకా ఉంటుంది, రెండోది ఆ తరువాత మొదలవుతుంది. మన ట్రయల్‌లో సందేశాలు అందుకున్నవారికి ఆ సంగతి తెలియకుండా ఉంచడం సాధ్యం కాదు. కాబట్టి "డబుల్ బ్లైండ్" వంటి ముద్రను వదిలేసి, ఎవరికి తెలుసో, ఎవరికి తెలియదో పేరుపేరునా రాయాలి. రక్తపోటు కొలిచినవారికి తెలియకుండా ఉంచాలని ప్రోటోకాల్ చెప్పినా, పాల్గొన్నవారే మాటల మధ్యలో చెప్పేసిన సందర్భాలుంటే, ఆ ఏర్పాటును పద్ధతుల్లోనూ, అది ఎన్నిసార్లు విఫలమైందో నమోదై ఉంటే ఆ సంఖ్యను ఫలితాల్లోనూ ఇవ్వాలి.

## 5. శాంపిల్ సైజు: అప్పటి లెక్కను అప్పటి లెక్కగానే ఉంచండి

మామూలు సంరక్షణలో 60 శాతం మందికి, సందేశాలతో 75 శాతం మందికి రక్తపోటు అదుపులోకి వస్తుందని ప్రోటోకాల్ ఊహించింది అనుకుందాం. రెండువైపుల 5 శాతం సిగ్నిఫికెన్స్ స్థాయి, 80 శాతం పవర్‌తో లెక్క ఇలా వస్తుంది:

```
n = (1.96 + 0.84)² × [0.60×0.40 + 0.75×0.25] / (0.75 − 0.60)²
  = 7.84 × 0.4275 / 0.0225
  = 148.96 → 149
149 / 0.90 = 165.6 → 166
```

అంటే ఒక్కో సమూహానికి 149 మంది కావాలి. పది శాతం మంది మధ్యలో తప్పుకుంటారని అనుకుంటే 166 మంది, మొత్తం 332. సూత్రం లేదా సాఫ్ట్‌వేర్ మారితే ఈ సంఖ్య కొద్దిగా మారుతుంది కాబట్టి, ఏది వాడారో పత్రంలో చెప్పండి.

తిరగరాసే సమయంలో ఈ లెక్కను స్వయంగా మళ్లీ చేసి చూడండి. చాలా ప్రోటోకాల్‌లలో తప్పుకునేవారి కోసం 0.90తో భాగించే బదులు 1.10తో గుణిస్తారు. అప్పుడు 164 వస్తుంది, అందులో పది శాతం పోతే 147.6 మాత్రమే మిగులుతుంది. పాత ప్రోటోకాల్‌లో ఆ తప్పు దొరికితే, దాన్ని దిద్ది కొత్త సంఖ్యను రాయకూడదు. వాడిన పద్ధతినే ఉన్నదున్నట్టుగా చెప్పాలి, ఎందుకంటే చేర్చుకోవలసిన సంఖ్యను నిర్ణయించింది ఆ లెక్కే.

ఇక 332 మంది అనుకున్న చోట 306 మందే చేరారనుకోండి. 332 పద్ధతుల్లో ఉంటుంది, 306 ఫలితాల్లో ఉంటుంది. చేర్చుకోవడాన్ని ఎందుకు ఆపారో కూడా ఫలితాల్లోనే చెప్పాలి. "306 మంది సరిపోతారు" అనే అర్థం వచ్చేలా ఊహలను వెనక్కి సర్ది కొత్త లెక్క చూపడం సరికాదు. దొరికిన ఫలితం నుంచి పవర్‌ను తిరిగి లెక్కకట్టడం కూడా వృథా, ఎందుకంటే ఆ సంఖ్య పీ విలువ చెప్పినదాన్నే మరో రూపంలో చెబుతుంది. అనిశ్చితి ఎంతో చెప్పడానికి కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ ఉంది.

## 6. మార్పులను ఎలా చెప్పాలి

సవరణ, ఉల్లంఘన ఒకటి కావు. ముందుగా కమిటీ ఆమోదం తీసుకొని చేసిన మార్పు సవరణ. ఆమోదం లేకుండా క్షేత్రంలో జరిగిపోయినది ఉల్లంఘన. సవరణలను పద్ధతుల్లో, సంబంధిత ఉపశీర్షిక కిందే, ఎప్పుడు ఎందుకు చేశారో చెబుతూ రాయాలి. విడివిడి వ్యక్తుల విషయంలో జరిగిన ఉల్లంఘనల సంఖ్యలు ఫలితాలకు వెళ్తాయి. వాటిని విశ్లేషణలో ఎలా చూశారనేది మాత్రం పద్ధతుల్లో ఉండాలి.

మన ట్రయల్‌లోని మూడు మార్పులు ఇలా వస్తాయి:

అర్హత: మొదట 30 నుంచి 65 సంవత్సరాల వయసు వారిని చేర్చుకున్నాము. చేర్చుకునే వేగం అనుకున్నదానికంటే తక్కువగా ఉండడంతో, ఎథిక్స్ కమిటీ ఆమోదంతో నాలుగో నెల నుంచి గరిష్ఠ వయసును 70కి పెంచాము.

ఔట్‌కమ్‌లు: మిగిలిన మాత్రల లెక్కను ద్వితీయ ఔట్‌కమ్‌గా నమోదు చేశాము. ఎక్కువమంది ఖాళీ స్ట్రిప్పులను తీసుకురాకపోవడంతో, సమూహాల వారీ డేటాను ఎవరూ చూడకముందే, మూడో నెలలో ఆ సేకరణను ఆపేశాము.

విశ్లేషణ: మొదటి సందర్శనలో రెండు కొలతలే ఉన్నవారికి రెండో కొలతను తీసుకున్నాము. వారిని మినహాయించి సెన్సిటివిటీ విశ్లేషణ కూడా చేశాము.

రెండో ఉదాహరణలో "సమూహాల వారీ డేటాను ఎవరూ చూడకముందే" అన్న మాటకు చాలా బరువు ఉంది. ఫలితం చూశాక ఔట్‌కమ్‌ను మార్చారా అన్నదే రివ్యూయర్‌కు మొదట వచ్చే అనుమానం. ఆ మాట నిజమైతేనే రాయండి. నిజం కాకపోతే, మార్పు డేటా చూశాకే జరిగిందని రాయండి. రిజిస్ట్రీలో మార్పుల చరిత్ర తేదీలతో సహా అందరికీ కనిపిస్తుంది.

ప్రధాన ఔట్‌కమ్ విషయంలో మరింత పట్టుదల అవసరం. మొదటి ప్రోటోకాల్, రిజిస్ట్రీ, పత్రం మూడింటిలోనూ కొలత, కొలిచిన సమయం, నిర్వచనం అక్షరం పొల్లుపోకుండా కలవాలి. "ఆరు నెలలకు 140/90 కంటే తక్కువ" అన్నది "ఆరు నెలలకు సిస్టాలిక్ రక్తపోటు సగటు తగ్గుదల"గా మారితే, అది మాటల సవరింపు కాదు, వేరే ఔట్‌కమ్. రెండో కొలత ఆసక్తికరంగా కనిపిస్తే, ముందుగా అనుకోని విశ్లేషణ అని పేరుపెట్టి చూపవచ్చు.

## 7. గణాంక విశ్లేషణ

ప్రోటోకాల్‌లోని ఈ భాగం చాలావరకు పాఠ్యపుస్తకపు మాటలతో నిండి ఉంటుంది: "డేటా నార్మల్ డిస్ట్రిబ్యూషన్‌లో ఉంటే టీ-టెస్ట్, లేకుంటే మాన్-విట్నీ టెస్ట్". పత్రంలో ఏ ఔట్‌కమ్‌కు ఏది వాడారో అదే ఉండాలి. సరిచూసే సులువైన మార్గం ఒకటుంది. ఫలితాల్లోని ప్రతి పట్టికను తీసుకొని, అందులోని ప్రతి సంఖ్య ఏ పరీక్ష నుంచి వచ్చిందో కోడ్‌లో చూసి, ఆ పరీక్ష పద్ధతుల్లో ఉందో లేదో గుర్తుపెట్టండి. తరువాత వెనకనుంచి చేయండి: పద్ధతుల్లో పేర్కొన్న ప్రతి పరీక్షకూ ఫలితాల్లో ఒక సంఖ్య ఉండాలి. ఏ సంఖ్యా లేని పరీక్ష ప్రోటోకాల్ నుంచి జారిపడిన మిగులు.

"ఇంటెన్షన్ టు ట్రీట్" అని రాసి వదిలేయవద్దు. ఆరు నెలలకు రానివారి రక్తపోటు ఎవరి దగ్గరా లేదు కదా, మరి వారిని లెక్కలో ఎలా ఉంచారు? అదుపులో లేనట్టుగా భావించారా, మల్టిపుల్ ఇంప్యుటేషన్ చేశారా, అందుబాటులో ఉన్నవారినే తీసుకున్నారా అన్నది ఒక్క వాక్యంలో చెప్పాలి.

## 8. ఉపోద్ఘాతం: కమిటీని ఒప్పించిన పేజీలను పక్కన పెట్టండి

ప్రోటోకాల్ నేపథ్యం ఎనిమిది పేజీలు ఉన్నా ఆశ్చర్యం లేదు. అది డబ్బు ఇచ్చేవారిని, అనుమతి ఇచ్చేవారిని ఒప్పించడానికి రాసినది. పత్రం చదివేవారికి 400 నుంచి 600 పదాలు చాలు. ఆ ఎనిమిది పేజీలను నరుక్కుంటూ రావడం కంటే, ఖాళీ పేజీ మీద చివరి వాక్యం నుంచి మొదలుపెట్టి వెనక్కి రాయడం తేలిక అని నా అనుభవం.

### 8.1 చివరి వాక్యం: లక్ష్యం

రిజిస్ట్రీలో నమోదైన లక్ష్యాన్ని తీసుకొని భూతకాలంలో రాయండి: "అధిక రక్తపోటుకు మందులు వాడుతున్న పెద్దవారిలో, మామూలు సంరక్షణతో పోలిస్తే, వారానికొకసారి పంపిన ఫోన్ సందేశాలు ఆరు నెలలకు రక్తపోటు అదుపులో ఉన్నవారి నిష్పత్తిని పెంచుతాయా అని పరిశీలించాము." ఎవరిలో, ఏమి, దేనితో పోల్చి, ఏ ఔట్‌కమ్, ఎప్పుడు అనేవన్నీ ఇందులోనే ఉన్నాయి.

### 8.2 దానికి ముందు: తెలియనిది

ఈ పేరాలో ఇంతవరకు తెలిసినది, ఇంకా తెలియనిది వస్తాయి. లోటును ఎంత కచ్చితంగా చెబితే లక్ష్యం అంత సహజంగా దాని వెనకాలే వస్తుంది. "ఈ అంశంపై అధ్యయనాలు తక్కువ" అంటే ఏమీ చెప్పనట్టే. "అందుబాటులో ఉన్న ట్రయల్స్ మాత్రలు వేసుకున్నారా అని అడిగి తెలుసుకున్నాయి, రక్తపోటును కొలవలేదు" వంటి వాక్యం అయితే మీ ట్రయల్ ఎందుకు అవసరమో అదే చెబుతుంది. అయితే అది సాహిత్యాన్ని నిజంగా వెతికి తేల్చుకున్న సంగతి అయి ఉండాలి. ఇక్కడ రూపం చూపడానికి మాత్రమే దాన్ని రాశాను.

### 8.3 ప్రోటోకాల్ తరువాత వచ్చిన పరిశోధనలు

ప్రోటోకాల్ రాసిన నాటికీ పత్రం రాసే నాటికీ మధ్య రెండు మూడేళ్లు గడిచి ఉండవచ్చు. అదే వెతుకులాట పదాలతో, ప్రోటోకాల్‌లో ఆగిన తేదీ నుంచి ఇప్పటిదాకా మళ్లీ వెతకండి. దొరికినవాటిని రెండు కుప్పలు చేయాలి. ప్రశ్నకు సంబంధించి ఇంతవరకు తెలిసినదాన్ని మార్చేవి ఉపోద్ఘాతానికి, మీ ఫలితంతో పోల్చదగినవి చర్చకు వెళ్తాయి.

మీ ట్రయల్ నడుస్తుండగానే అదే ప్రశ్నపై మరొక ట్రయల్ వెలువడి ఉంటే దాచవద్దు. "మా ట్రయల్ మొదలైన తరువాత వెలువడిన ఒక అధ్యయనం..." అని మొదలుపెట్టి ఒకటి రెండు వాక్యాల్లో చెప్పండి. అప్పుడు "ఇదే మొదటి అధ్యయనం" అనే వాక్యం ప్రోటోకాల్ నుంచి వచ్చి ఎక్కడైనా దాక్కుని ఉందేమో చూసి తీసేయండి.

### 8.4 పరికల్పనను కదిలించవద్దు

ఫలితం తెలిసిన మనసుతో ఉపోద్ఘాతం రాయడంలో ఒక జారుడు ఉంది. సందేశాలు మొత్తం మీద పనిచేయలేదు, కానీ 60 దాటినవారిలో తేడా కనిపించింది అనుకోండి. రాసేవారికి తెలియకుండానే ఉపోద్ఘాతంలో వృద్ధుల గురించి ఒక పేరా పెరుగుతుంది, చివరి వాక్యంలో "ముఖ్యంగా వృద్ధులలో" అన్న మాట చేరుతుంది. ఫలితాలు చూశాక రాసుకున్న పరికల్పనను ముందే ఉన్నట్టు చూపడాన్ని 1998లో మనస్తత్వవేత్త నార్బర్ట్ కెర్ "హార్కింగ్" అన్నాడు. ప్రోటోకాల్‌లో లేని సమూహం పేరు ఉపోద్ఘాతంలో కనిపిస్తే, అది ఎలా వచ్చిందని సహరచయితలు ఒకరినొకరు అడగాలి. ఆ తేడాను చర్చా విభాగంలో, ముందుగా అనుకోనిదని చెప్పి ప్రస్తావించవచ్చు.

## 9. తరచూ ఎదురయ్యే ఇబ్బందులు, వాటి సవరణ

ప్రోటోకాల్ ముందే ప్రచురితమైంది, సాఫ్ట్‌వేర్ పోలిక ఎక్కువ చూపిస్తోంది. ప్రచురిత ప్రోటోకాల్‌ను పద్ధతుల మొదటి వాక్యంలోనే ఉదహరించండి. పరికరాలు, నిర్వచనాల దగ్గర మాటలు కలవడం సహజమే, వాటి కోసం వాక్యాలను మెలితిప్పి అర్థం చెడగొట్టవద్దు. ఉపోద్ఘాతంలో మాటలు కలిస్తే మాత్రం కొత్తగా రాయాలి.

పదాల పరిమితి దాటింది. "వివరాలకు ప్రోటోకాల్ చూడండి" అని తప్పించుకోవద్దు. అర్హత, చికిత్స, ప్రధాన ఔట్‌కమ్, రాండమైజేషన్, ప్రధాన విశ్లేషణ పత్రంలోనే ఉండాలి. ద్వితీయ ఔట్‌కమ్‌ల కొలత వివరాలను అనుబంధానికి పంపవచ్చు.

నమోదు ఆలస్యమైంది. వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ 2005 నుంచి, మొదటి వ్యక్తిని చేర్చుకునే ముందే ట్రయల్‌ను నమోదు చేయాలని కోరుతోంది. ఆలస్యమై ఉంటే రెండు తేదీలూ రాసి, కారణం చెప్పండి. నమోదు సంఖ్య మాత్రమే ఇచ్చి తేదీని వదిలేసినా, ఎడిటర్ దాన్ని రిజిస్ట్రీలో వెతికి పట్టుకుంటాడు.

పద్ధతుల్లో ఫలితాలు చొరబడ్డాయి. "అర్హులైన 306 మందిని చేర్చుకున్నాము" అన్నది ఫలితం. "అర్హులైన వారందరినీ వరుసగా ఆహ్వానించాము" అన్నది పద్ధతి.

## 10. పంపే ముందు సరిచూసుకోవలసినవి

- పోలిక పట్టికలో ఆధారం గడి ఖాళీగా ఉన్న వరుస ఒక్కటీ లేదు.
- భవిష్యత్ కాలం, "అవసరమైతే", "సుమారు" అనేవి పద్ధతుల్లో మిగల్లేదు.
- ప్రధాన ఔట్‌కమ్ నిర్వచనం ప్రోటోకాల్, రిజిస్ట్రీ, సారాంశం, పద్ధతులు, ఫలితాల పట్టిక అన్నింటిలోనూ ఒకటే.
- ప్రతి సవరణకూ సమయం, కారణం ఉన్నాయి.
- బ్లాకుల పరిమాణం, వరుసను దాచిన విధానం, ఎవరు ఏం చేశారో ఉన్నాయి.
- ఎథిక్స్ ఆమోద సంఖ్య, నమోదు సంఖ్య, రెండింటి తేదీలు అసలు పత్రాలతో కలిశాయి.
- సాఫ్ట్‌వేర్ పేరు, వెర్షన్ కోడ్ ఫైలుతో కలిశాయి.
- ఉపోద్ఘాతంలో మీ ఫలితాన్ని ముందే చెప్పే మాట ఒక్కటీ లేదు.
- కన్సార్ట్ చెక్‌లిస్టు తాజా రూపాన్ని, అంటే 2025లో వచ్చిన 30 అంశాలదాన్ని, పేజీ సంఖ్యలతో నింపారు.

చివరగా, క్షేత్రంలో కొలతలు తీసిన ఒకరికి పద్ధతుల విభాగాన్ని మాత్రమే ప్రింటు తీసి ఇవ్వండి. "మనం ఇలా చేయలేదే" అనిపించిన ప్రతి చోటా పెన్నుతో గీత గీయమనండి. ఆ గీతలన్నింటికీ సమాధానం దొరికిన తరువాతే పత్రాన్ని జర్నల్‌కు పంపండి.